ఎలక్ట్రిక్ కారు టైర్లు ఎందుకు త్వరగా అరుగుతాయి, మార్చేటప్పుడు ఏవి కొనాలి?

మా ఎలక్ట్రిక్ కారు 20,000 కిలోమీటర్లు తిరిగాక, వానాకాలం వస్తోంది కదా అని ఒకసారి టైర్లు కొలిచాను. కొత్తగా ఉన్నప్పుడు గాడి లోతు 7.5 మిల్లీమీటర్లు. ఇప్పుడు వెనక టైర్లలో 6 ఉంది, ముందు టైర్లలో 4 మాత్రమే. అంతకుముందు నడిపిన పెట్రోల్ కారుకు ఇదే దూరంలో ముందు టైర్లు ఇంత అరగలేదు. టైర్ల షాపుకు వెళ్తే అక్కడి మేస్త్రీ చూసి, "ఈవీ కదండీ, ఇంతే. ఈవీ టైర్లు వేసేద్దామా?" అన్నారు. ధర చెప్పాక టెన్షన్ మొదలైంది. మామూలు టైరుకూ ఈవీ అని రాసి ఉన్న టైరుకూ ఒక్కోదానికి మూడు వేల తేడా. నాలుగు టైర్లకు పన్నెండు వేలు.

ఆ పన్నెండు వేలు పెట్టాలా వద్దా అన్నదే అసలు ప్రశ్న. జవాబు అందరికీ ఒకటి కాదు. మీ బండి ఎక్కడ తిరుగుతుంది, ఎక్కడ ఛార్జ్ అవుతుంది అన్నదాన్ని బట్టి మారుతుంది. కానీ ముందు ఈ టైర్లు ఎందుకు అరిగాయో తెలియాలి. అది తెలియకుండా ఏ టైరు వేసినా మళ్ళీ అలాగే అరుగుతుంది.

అరుగుదల ఎక్కడ పుడుతుంది

టైరు రోడ్డును తాకే చోటు మన అరచేయంత ఉంటుంది. కారు కదలాలన్నా, ఆగాలన్నా, తిరగాలన్నా ఆ అరచేయంత రబ్బరు మీదే భారం. బలం పడిన ప్రతిసారీ అక్కడి రబ్బరు దిమ్మెలు కొంచెం వంగి, రోడ్డు మీద కంటికి కనిపించనంత జారతాయి. ఆ జారుడే అరుగుదల. చక్రం గిర్రున తిరిగి కీచుమంటేనే టైరు అరుగుతుందని చాలామంది అనుకుంటారు. నిజానికి ఏ శబ్దమూ లేకుండా, రోజూ వందలసార్లు జరిగే ఈ చిన్న జారుడే ఎక్కువ రబ్బరు తినేస్తుంది.

ఎలక్ట్రిక్ కారులో ఈ జారుడును పెంచేవి మూడు.

మొదటిది బరువు. బ్యాటరీ వల్ల అదే సైజు పెట్రోల్ కారు కంటే వందా నూటయాభై కిలోలు, పెద్ద కార్లయితే మూడు నాలుగు వందల కిలోలు ఎక్కువ ఉంటుంది. మూల తిరిగినా బ్రేకు వేసినా ఆ అదనపు బరువును పట్టి ఉంచాల్సింది టైరే.

రెండోది మోటారు తిప్పే బలం, అంటే టార్క్. ఇక్కడ ఒక పొరపాటు లెక్క తరచూ వినిపిస్తుంది. 2020లో వచ్చిన మొదటి నెక్సాన్ ఈవీ టార్క్ 245 న్యూటన్ మీటర్లు, పెట్రోల్ నెక్సాన్‌ది 170, అందుకే టైర్లు అరుగుతాయి అంటారు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు. పెట్రోల్ కారులో మధ్యలో గేర్లు ఉంటాయి. మొదటి గేరు ఇంజిన్ బలాన్ని చాలా రెట్లు పెంచి చక్రానికి ఇస్తుంది. మొదటి గేరులో చూస్తే పెట్రోల్ కారు చక్రం దగ్గర కూడా తక్కువ బలమేమీ ఉండదు. తేడా ఏమిటంటే అది కొన్ని క్షణాలే ఉంటుంది. క్లచ్ మెల్లగా వదలాలి, టర్బో అందుకోవాలి, రెండో గేరు వేయగానే బలం దాదాపు సగానికి పడిపోతుంది. ఎలక్ట్రిక్ మోటారు సున్నా వేగం నుంచే పూర్తి బలం ఇస్తుంది, గేరు మారకుండా చాలాసేపు ఇస్తూనే ఉంటుంది. పైగా శబ్దం లేదు. పెట్రోల్ కారును గట్టిగా తొక్కితే ఇంజిన్ అరుస్తుంది, మనమే కాలు తీస్తాం. ఇక్కడ చెప్పేవాళ్ళు లేరు. ప్రతి సిగ్నల్ దగ్గరా మనకు తెలియకుండానే గట్టిగా లాగేస్తున్నాం.

మూడోది చాలామంది పట్టించుకోనిది. కాలు తీయగానే మోటారే బండిని ఆపుతూ బ్యాటరీకి కరెంటు పంపుతుంది. దాన్నే రీజెన్ అంటున్నాం. మామూలు బ్రేకు నాలుగు చక్రాలకూ పడుతుంది. రీజెన్ మాత్రం మోటారు ఏ చక్రాలకు ఉందో ఆ చక్రాల మీదే పడుతుంది. నా కారుకు మోటారు ముందు ఉంది. కాబట్టి లాగేదీ ముందు టైర్లే, తిరిగేదీ ముందు టైర్లే, ఆపేదీ ఎక్కువగా ముందు టైర్లే. బ్రేక్ ప్యాడ్లు ఏళ్ళ తరబడి కొత్తగా ఉండటానికి కారణం ఆ పని టైర్ల మీదికి రావడమే. మహీంద్రా బీఈ 6 లాంటి వెనక మోటారు కార్లలో లెక్క తిరగబడుతుంది. అక్కడ ముందుగా వెనక టైర్లను చూసుకోవాలి.

మొత్తం మీద ఎంత తేడా వస్తుంది? టైర్ల కంపెనీల మాటలే ఒకదానికొకటి కలవవు. మిషెలిన్ సుమారు 20 శాతం త్వరగా అంటే, గుడ్‌ఇయర్ మామూలు టైర్లు 50 శాతం వరకు త్వరగా అరగవచ్చు అంటుంది. ఈ రెండు అంకెల మధ్య ఇంత దూరం ఉండటానికి పెద్ద కారణం నడిపే కాలే అని నా అభిప్రాయం.

కొనేముందు, పాత టైరు ఏం చెబుతోందో చూడండి

పాత టైర్లను షాపులో వదిలేసి వచ్చేముందు వాటిని ఒకసారి చేత్తో తడిమి చూడండి. అంచులూ నడుమా సమానంగా అరిగితే అది వాడకం అరుగుదల. నడుమ మాత్రమే నున్నగా అయితే గాలి ఎక్కువైంది. రెండు అంచులూ అరిగి నడుమ బాగుంటే గాలి తక్కువైంది. బరువైన కారులో తక్కువ గాలితో తిరగడం చాలా చెడ్డది. టైరు ఎక్కువ వంగి వేడెక్కుతుంది, ఎండాకాలంలో హైవే మీద పేలే ప్రమాదం పెరుగుతుంది. లోపలి అంచు ఒక్కటే అరిగి, చెయ్యి ఒక వైపు జరిపితే నునుపుగా, ఎదురు జరిపితే రంపంలా తగిలితే అది వీల్ అలైన్‌మెంట్ తప్పు. అది సరిచేయకుండా పదకొండు వేల టైరు వేసినా కొన్ని నెలల్లో దానికీ అదే గతి.

లోపలి అంచు బయటికి కనిపించదు. స్టీరింగ్ పూర్తిగా ఒక వైపు తిప్పి వంగి చూస్తే తప్ప తెలియదు. బయట నుంచి చూసి బాగుందనుకున్న టైరుకు లోపలి వైపు తీగ తేలిన సందర్భాలు ఏ టైర్ల మేస్త్రీని అడిగినా చెబుతారు.

నా టైర్లు సమానంగానే అరిగాయి. తప్పు నాదే. 20,000 కిలోమీటర్లలో ఒక్కసారి కూడా టైర్లు ముందువి వెనక్కి, వెనకవి ముందుకి మార్పించలేదు. ఆ తప్పు ఖరీదు ఎంతో లెక్క వేస్తే తెలిసింది.

ముందు టైర్లు 20,000లో 3.5 మిల్లీమీటర్లు అరిగాయి. అంటే ఒక్కో మిల్లీమీటరు సుమారు 5,700 కిలోమీటర్లకు. మన దగ్గర చట్టం ప్రకారం కార్లకు 1.6 మిల్లీమీటర్ల వరకు వాడొచ్చు. గాడుల అడుగున ఉండే చిన్న దిమ్మెలు పైకి సమానమైతే ఆ హద్దు వచ్చినట్టే. కానీ వానలో గాడులు నీటిని పక్కకు తోసేయాలంటే ఆ లోతు చాలదు. నేను 3 మిల్లీమీటర్లకే మారుస్తాను. ఆ లెక్కన ముందు టైర్ల మొత్తం ఆయుష్షు 25,700 కిలోమీటర్లు. వెనకవి 20,000లో ఒకటిన్నర మిల్లీమీటర్లే అరిగాయి. ముందూ వెనకా సమానంగా తిప్పి ఉంటే సగటున 20,000కు 2.5 మిల్లీమీటర్లు, అంటే మిల్లీమీటరుకు 8,000 కిలోమీటర్లు. నాలుగు టైర్లూ కలిసి 36,000 దాకా వచ్చేవి.

అంటే ముందు జత పది వేల కిలోమీటర్ల ముందే అయిపోతోంది. ఏ ఖరీదైన టైరు కొన్నా ఇంత తేడా రావడం కష్టం. అందుకే ఎలక్ట్రిక్ కారుకు 8,000 నుంచి 10,000 కిలోమీటర్లకోసారి టైర్లు ముందూ వెనకా మార్చి బిగించడం తప్పనిసరి. ముందు మోటారు కార్లకు ముందు టైర్లు అదే వైపు వెనక్కి పోతాయి, వెనకవి అడ్డంగా మారి ముందుకు వస్తాయి. టైరు మీద తిరిగే దిశ చూపే బాణం గుర్తు ఉంటే మాత్రం వైపు మార్చకూడదు, అదే వైపున ముందూ వెనకా మార్చాలి.

టైరు మీది అంకెల్లో ముందు చూడాల్సింది

నా టైరు మీద 215/60 ఆర్16 95హెచ్ అని ఉంది. మొదటి భాగం సైజు. అది మార్చకండి. షాపులో అందరూ సైజు చూస్తారు, చివరి 95ని మాత్రం చాలామంది వదిలేస్తారు. అది బరువు మోసే సూచిక. 95 అంటే ఒక్కో టైరు 690 కిలోలు మోయగలదు. 91 అయితే 615 కిలోలే. 99 అయితే 775 కిలోలు. పక్కనున్న హెచ్ వేగం గుర్తు, గంటకు 210 కిలోమీటర్ల వరకు అని అర్థం.

నాలుగు టైర్లూ కలిపి 2,760 కిలోలు మోస్తాయి, నా కారు మనుషులతో సామానుతో కలిపినా 1,850 దాటదు, ఇంకేం అనిపించవచ్చు. కానీ బరువు నాలుగు చక్రాల మీదా సమానంగా ఉండదు. బ్రేకు వేసినప్పుడు ముందుకు తోసుకొస్తుంది, మలుపులో ఒక పక్కకు ఒరుగుతుంది, గుంతలో ఒక్క చక్రం మీద ఒక్కసారిగా దిగుతుంది. ఆ మిగులు వీటన్నిటి కోసం. కాబట్టి కంపెనీ ఇచ్చిన అంకె కంటే తక్కువది ఎంత చవకగా వచ్చినా వద్దు. సమానం లేదా ఎక్కువ ఉండాలి.

నా సైజులో 99 ఉన్న టైరు మీద ఎక్స్‌ఎల్ అని కూడా రాసి ఉంటుంది. దాని గోడలు గట్టివి. అయితే ఎక్స్‌ఎల్ టైరు ఎక్కువ బరువు మోయాలంటే గాలి కూడా ఎక్కువ ఉండాలి. అదే గాలికి అది మామూలు టైరు కంటే ఎక్కువేమీ మోయదు. నా లాంటి చిన్న కారుకు 95 చాలు. రెండు టన్నులు దాటే పెద్ద ఎస్‌యూవీలకు కంపెనీయే ఎక్స్‌ఎల్ ఇస్తుంది, కొన్ని ఖరీదైన కార్లకు అంతకంటే బలమైన హెచ్‌ఎల్ టైర్లు వస్తున్నాయి. వాటికి బదులు మామూలు టైరు వేయకూడదు. ఆ విషయంలో బేరం వద్దు.

గాలి ఎంత ఉండాలో డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కరు చెబుతుంది. పెట్రోల్ బంకులో కుర్రాడు అన్ని కార్లకూ ఒకే అంకె పెట్టి కొడతాడు. మీ అంకె మీరే చెప్పి కొట్టించండి, అదీ బండి చల్లగా ఉన్నప్పుడు.

మూడు దారులు, వాటి లాభనష్టాలు

ఇప్పుడు అసలు ఎంపిక. నా ముందు మూడు రకాలు పెట్టారు. కారుతో వచ్చిన టైరే మళ్ళీ వేయించుకోవడం ఒకటి. మామూలు కార్ల కోసం చేసిన, ఎక్కువ రోజులు మన్నే టూరింగ్ టైరు రెండోది. ఈవీ కోసమని పేరు పెట్టి అమ్మే టైరు మూడోది. మన దగ్గర అపోలో యాంపీరియన్, సియట్ ఎనర్జీడ్రైవ్ లాంటివి ఈ మూడో రకం.

టైరు తయారీలో మూడు గుణాలు ఒకదానితో ఒకటి పోట్లాడుకుంటాయి. సులభంగా దొర్లాలి, తడి రోడ్డు మీద పట్టు ఉండాలి, ఎక్కువ కాలం మన్నాలి. ఒకటి పెంచితే మిగతా రెండింట్లో ఏదో ఒకటి తగ్గుతుంది. సిలికా ఎక్కువ వాడిన మంచి రబ్బరుతో మూడింటినీ కొంతవరకు కలిపి తేవచ్చు, దానికే ధర పెరుగుతుంది.

కారుతో వచ్చిన టైర్లను తయారీదారు ఒక్క ఛార్జికి ఎక్కువ దూరం రావాలని ఎంచుకుంటాడు. కాబట్టి అవి సులభంగా దొర్లే రకం. అందుకోసం కొన్నిటిలో గాడి లోతు కొంచెం తక్కువగానే మొదలవుతుంది. అవే మళ్ళీ వేస్తే రేంజ్ మారదు, కారు తీరు మారదు. కానీ మన్నిక మీద మీకు ఫిర్యాదు ఉంటే అది కూడా మారదు.

టూరింగ్ టైరు చవక, ఏ ఊళ్ళోనైనా దొరుకుతుంది, గట్టి రబ్బరు కావడంతో మన్నుతుంది. దాని లోపం రేంజ్ దగ్గర. ఎంత తగ్గుతుందో సుమారుగా లెక్క వేసుకోవచ్చు. టైరు దొర్లడానికి ఎంత లాగాలో టన్ను బరువుకు ఇన్ని కిలోలని కొలుస్తారు. మంచి పొదుపు టైరుకు అది 7 కిలోల దగ్గర, మామూలు టైరుకు 10 కిలోల దగ్గర ఉంటుంది. మనుషులతో కలిపి 1,600 కిలోల కారుకు మొదటిదైతే 11 కిలోలు, రెండోదైతే 16 కిలోల లాగుడు. ఆ అయిదు కిలోల తేడాను 100 కిలోమీటర్లు లాగితే, మోటారు నష్టాలు కూడా కలిపి, దాదాపు ఒకటిన్నర యూనిట్ల కరెంటు అవుతుంది. 100 కిలోమీటర్లకు 13, 14 యూనిట్లు తాగే కారుకు అది పదో వంతు. 300 కిలోమీటర్లు వచ్చే బండి 270కి దిగుతుంది. ఇది రెండు చివరల మధ్య తేడా. మీరు ఎంచుకునే రెండు టైర్ల మధ్య ఇంతకంటే తక్కువే ఉండవచ్చు.

డబ్బు లెక్కలో చూస్తే ఇంకోలా ఉంటుంది. 35,000 కిలోమీటర్ల ఆయుష్షులో ఆ తేడా 525 యూనిట్లు. ఇంట్లో యూనిట్ 8 రూపాయలనుకుంటే 4,200 రూపాయలు. పన్నెండు వేలు ఎక్కువ పెట్టి ఈవీ టైరు కొని, ఇంట్లో ఛార్జ్ చేసుకుంటూ, రోజుకు ముప్పై కిలోమీటర్లు ఊళ్ళో తిరిగే మనిషికి ఆ డబ్బు కరెంటు రూపంలో తిరిగి రాదు. రేంజ్ తగ్గినా అతనికి పనేమీ ఆగదు. అదే క్యాబ్ నడిపే మనిషి బయట ఫాస్ట్ ఛార్జర్ దగ్గర యూనిట్‌కు 20 రూపాయలు కడుతుంటే ఆ 525 యూనిట్లు 10,500 రూపాయలు అవుతాయి. ఎయిర్‌పోర్టు నుంచి ఇంకో ట్రిప్పు దొరికి ఛార్జ్ చాలక వదులుకుంటే అది వేరే నష్టం. అతనికి పొదుపు టైరు లాభమే, ముఖ్యంగా అది కొంచెం ఎక్కువ మన్నితే.

ఇక ఈవీ అనే పేరు గురించి. ఆ రెండు అక్షరాలు వేయడానికి అందరికీ వర్తించే నియమం ఏదీ లేదు. ఏ కంపెనీ తన అర్థం తాను పెట్టుకుంటుంది. కొన్నిటిలో నిజంగా గోడలు బలపరిచి, రబ్బరు మార్చి, గాడుల అమరిక శబ్దం తగ్గేలా చేస్తారు. ఇంజిన్ మోత లేని కారులో టైరు శబ్దమే పెద్దగా వినిపిస్తుంది కాబట్టి అది నిజమైన ఉపయోగమే. మరికొన్నిటిలో ఉన్న టైరే ఈవీకి కూడా సరిపోతుందని చెప్పే ముద్ర మాత్రమే ఉంటుంది. కాబట్టి పేరు చూసి డబ్బు పెట్టకండి. షాపులో మూడు అడగండి. బరువు సూచిక ఎంత? కొత్తదానిలో గాడి లోతు ఎంత? తడి పట్టు, దొర్లుడు రేటింగు ఏమిటి?

లోతు కొలిచే చిన్న గేజీ వందా రెండొందల్లో వస్తుంది, జేబులో వేసుకెళ్ళండి. ఒకే రకం రబ్బరైతే 6.5 మిల్లీమీటర్ల టైరుకూ 8 మిల్లీమీటర్ల టైరుకూ ఆయుష్షులో చాలా తేడా ఉంటుంది. 3 దగ్గర మార్చేవారికి మొదటిదానిలో వాడుకునేది మూడున్నర, రెండోదానిలో అయిదు.

రేటింగుల సంగతి కొంచెం జాగ్రత్త. మన దగ్గర బీఈఈ స్టార్ లేబుల్ ఇంధన పొదుపును చెబుతుంది, కానీ అన్ని టైర్ల మీదా కనిపించదు. యూరప్‌లో అమ్మే టైర్లకు ఎ నుంచి ఇ వరకు అక్షరాలతో లేబుల్ ఉంటుంది, అందులో దొర్లుడు, తడి పట్టు విడివిడిగా ఉంటాయి. అయితే అదే పేరుతో ఇక్కడ తయారైన టైరు అచ్చంగా అదే అనుకోకూడదు. కొన్ని టైర్ల పక్కన ట్రెడ్‌వేర్ 300, 420, 500 అని ఉంటుంది. అది అమెరికా పద్ధతి. అంకె పెద్దదైతే ఎక్కువ మన్నుతుందని అర్థం. కానీ ఆ అంకెను కంపెనీయే తన పరీక్షల మీద ఇచ్చుకుంటుంది. ఒకే కంపెనీ రెండు టైర్ల మధ్య పోలికకు పనికొస్తుంది గాని, ఒక కంపెనీ 400నూ ఇంకో కంపెనీ 500నూ పోల్చి నిర్ణయం తీసుకోవద్దు.

తడి పట్టు విషయంలో మాత్రం నేను రాజీ పడను. బరువైన కారు ఆగడానికి ఎక్కువ పట్టు కావాలి. ఎక్కువ మన్నుతుందని చెప్పి మరీ గట్టి రబ్బరు టైరు అంటగడితే, జూలైలో నూనె, నీళ్ళు కలిసిన ఫ్లైఓవర్ దిగుడులో దాని సంగతి తెలుస్తుంది. ఎలక్ట్రిక్ కారు అలాంటి టైరుతో తడిలో కదిలించగానే ట్రాక్షన్ కంట్రోల్ లైటు మాటిమాటికీ వెలుగుతుంటుంది. అది పట్టు చాలడం లేదన్న గుర్తు.

నేను ఏం చేశాను

నాకు నెలకు రెండుసార్లు విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే పని ఉంది. దాదాపు 275 కిలోమీటర్లు. మధ్యలో ఒక్కసారి ఛార్జ్ పెడితే సుఖంగా చేరతాను. రేంజ్ పదో వంతు తగ్గితే ఆ ఒక్క ఆగుడు ఇంకాస్త సాగుతుంది, రెండోది అవసరం పడదు. అందుకని పొదుపు టైరు కోసం పన్నెండు వేలు పెట్టడం నాకు అనవసరం అనిపించింది. అలాగని అన్నిటికంటే చవకదీ తీసుకోలేదు. తడి పట్టు బాగున్న, 95 సూచిక ఉన్న, 8 మిల్లీమీటర్ల గాడితో వచ్చే టూరింగ్ టైరు తీసుకున్నాను. ఒక్క ఛార్జితో గమ్యం చేరాల్సిన వాళ్ళైతే, లేదా దారిలో ఛార్జర్లు తక్కువ ఉన్న వైపు తిరిగేవాళ్ళైతే నా నిర్ణయం వాళ్ళకు సరిపోదు. వాళ్ళు కారుతో వచ్చిన టైరునో, లేబుల్ చూపించగలిగిన ఈవీ టైరునో తీసుకోవాలి.

ముందువి ఇంకా 3కి రాకపోయినా వానాకాలం వస్తోంది కాబట్టి మార్చేశాను. నాలుగూ మార్చాల్సిన పనిలేదు, వెనకవి 6 మిల్లీమీటర్లు ఉన్నాయి కాబట్టి రెండే కొన్నాను. ఇక్కడ మేస్త్రీతో చిన్న వాదన జరిగింది. "కొత్తవి ముందే వేద్దామండీ, లాగేది ముందే కదా" అన్నారు. చాలా షాపుల్లో ఇదే మాట. నేను ఒప్పుకోలేదు. వెనక ఉన్న 6 మిల్లీమీటర్ల టైర్లను ముందుకు తెచ్చి, కొత్తవి వెనక వేయించాను. నీళ్ళ మీద ముందు టైర్లు తేలితే స్టీరింగ్ తేలికై కారు నేరుగా పోతుంది, కాలు తీస్తే మళ్ళీ పట్టు దొరుకుతుంది. వెనక టైర్లు తేలితే కారు తోక తిప్పేస్తుంది, మామూలు డ్రైవరు దాన్ని అదుపు చేయలేడు. మంచి టైరు వెనక ఉండాలన్నది అందుకే. ఒకే ఇరుసు మీద రెండు టైర్లూ ఒకే రకం, ఒకే అరుగుదల ఉండాలి. ముందు వెనక వేరే రకమైతే పరవాలేదు గాని, కుడి ఎడమ తేడా ఉండకూడదు.

బిగించేటప్పుడు పక్కనే నిలబడండి. ఎలక్ట్రిక్ కారుకు నేల కింద బ్యాటరీ ఉంటుంది. అలవాటు కొద్దీ జాకీని ఎక్కడో పెట్టి లేపితే బ్యాటరీ పెట్టె నొక్కుకుపోతుంది. పక్క అంచున కంపెనీ గుర్తు పెట్టిన చోటే జాకీ పెట్టాలి. తయారీ తేదీ కూడా అక్కడే చూడండి. టైరు పక్క గోడ మీది అక్షరాల వరుస చివర నాలుగు అంకెలు ఉంటాయి, 2324 అంటే 2024లో 23వ వారం. ఏడాది దాటిన సరుకు ఇస్తే వేరేది అడగండి.

కొన్ని కార్ల టైర్లలో లోపల శబ్దం తగ్గించే స్పాంజి పొర అతికించి ఉంటుంది. పంచర్ అయితే ఆ చోట స్పాంజి తీసి అతుకు వేయాలి. మామూలు పంచర్ షాపులో అది చేయకపోవచ్చు. ఊళ్ళ మధ్య ఎక్కువ తిరిగేవాళ్ళు ఇలాంటి టైరు కొనేముందు ఆలోచించుకోవాలి.

కొత్త టైరు వేశాక రేంజ్ పడిపోతే

ఇది చాలామందిని భయపెడుతుంది. నాక్కూడా మొదటి వారం 100 కిలోమీటర్లకు దాదాపు ఒక యూనిట్ ఎక్కువ ఖర్చు కనిపించింది. వెంటనే టైరును తిట్టాల్సిన పనిలేదు. అరిగిన టైరు ఎప్పుడూ కొత్త టైరు కంటే సులభంగా దొర్లుతుంది, ఎందుకంటే వంగే రబ్బరు తక్కువ. అదే టైరు మళ్ళీ కొత్తది వేసినా కొంత తగ్గుదల ఉంటుంది, తిరిగేకొద్దీ అది తగ్గుతూ వస్తుంది.

ఇంకో చిన్న విషయం. నా సైజు కొత్త టైరు అడ్డంగా 664 మిల్లీమీటర్లు. 6 మిల్లీమీటర్లు అరిగితే రెండు పక్కలా కలిపి 12 తగ్గి 652 అవుతుంది. చిన్న చక్రం ఎక్కువ చుట్లు తిరుగుతుంది, మీటరు చుట్లనే లెక్కపెడుతుంది కాబట్టి నిజంగా పోయిన దూరం కంటే దాదాపు 2 శాతం ఎక్కువ చూపిస్తుంది. నాలుగు టైర్లూ అలా అరిగిన బండికి 300 చూపిన రేంజ్‌లో 5, 6 కిలోమీటర్లు ఉత్తవే. కొత్త టైరు వేశాక ఆ ఉత్త కిలోమీటర్లు మాయమవుతాయి, రేంజ్ పడిపోయినట్టు కనిపిస్తుంది. కాబట్టి రెండు మూడు వేల కిలోమీటర్లు తిరిగాక, అదే దారిలో, అదే గాలితో కొలిచి అప్పుడు అభిప్రాయానికి రండి.

మొదటి 300 కిలోమీటర్లు మాత్రం మెల్లగా నడపండి. కొత్త రబ్బరు పైపొర కొంచెం జారుతుంది, అది అరిగితేనే పూర్తి పట్టు వస్తుంది. మోటారు ఒక్కసారిగా లాగే కారులో ఇది మామూలు కారు కంటే ఎక్కువ తెలుస్తుంది. నేను ఈసారి స్పోర్ట్ మోడ్ ముట్టుకోవడం మానేశాను, సిగ్నల్ దగ్గర కాలు నెమ్మదిగా దించుతున్నాను, 8,000 దాటగానే గేజీ పెట్టి కొలిచి టైర్లు తిప్పిస్తున్నాను. మొన్న కొలిస్తే కొత్త జత 9,000 కిలోమీటర్లకు 8 నుంచి 7.1కి వచ్చింది. ఇందులో ఎక్కువ దూరం వెనకే ఉండి తిరిగాయి కాబట్టి అసలు లెక్క ఇప్పుడు ముందుకు వచ్చాక తేలుతుంది.